రసగుల్ల ఉండలు పాకంలో ఒకసారి విచ్చిపోతున్నాయి, ఇంకోసారి రాయిలా అవుతున్నాయి: తేడా ఎక్కడ?

పర్లాకిమిడి_పద్మజ | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. రెండు వారాల్లో రెండుసార్లు రసగుల్ల చేశాను. రెండుసార్లూ చెడింది గానీ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకంగా చెడింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి: రెండు లీటర్ల ఫుల్ క్రీమ్ పాకెట్ పాలు. తెర్లుతుండగానే రెండు నిమ్మకాయల రసం పిండాను. గుడ్డలో పోసి పది నిమిషాలు వేలాడదీశాను. మూడు నిమిషాలు పిసికి ఉండలు చేశాను. కప్పు పంచదారకి ఐదు కప్పుల నీళ్ళు. ఉండలు వేసిన నాలుగైదు నిమిషాలకే విచ్చుకుని పాకమంతా తునకలైపోయింది.

రెండోసారి: అవే పాలు, అంతే నిమ్మరసం. తడి ఎక్కువైందేమో అనుకుని రాత్రంతా గుడ్డలో కట్టి పైన బరువు పెట్టాను. రెండు చెంచాల మైదా కలిపాను. పాకం ఈసారి కేజీ పంచదారకి లీటరు నీళ్ళు, మూత లేకుండా వెడల్పాటి గిన్నెలో అరగంట ఉడికించాను. ఒక్కటీ విరగలేదు, కానీ ఒక్కటీ పొంగలేదు. నమిలితే పళ్ళ కింద కీచుమంటోంది.

ఈ రెండింటికీ మధ్య ఎక్కడ ఆగాలి?

---

కాశీబుగ్గ_కుమార్ | ఉదయం 9:40

పద్మజ గారూ, తప్పంతా నిమ్మరసానిది. పులుపు ఎక్కువైతే విరుగుడు గట్టిపడుతుంది. వెనిగర్ వాడండి, చిటికెడు బేకింగ్ పౌడర్ వేయండి. పాకం మాత్రం ఎంత పలచగా ఉంటే ఉండ అంత మెత్తగా వస్తుంది. ఈ మూడూ పాటిస్తే సమస్య ఉండదు.

---

ఇచ్ఛాపురం_సత్యవతి | ఉదయం 10:05

అమ్మా, ఉండలు విచ్చిపోవడానికి కారణం నూనె మరీ కాగిపోవడమే. పొయ్యి సన్నం చేసి, ఉండ వేయగానే పైకి తేలకుండా అడుగునే కాసేపు ఉండేలా చూడు. కోవాలో మైదా సరిపోకపోయినా విచ్చుతాయి. నేను పావు కేజీ కోవాకి రెండు చెంచాల మైదా వేస్తాను.

---

పర్లాకిమిడి_పద్మజ | ఉదయం 10:11

సత్యవతి పిన్నీ, మీరు చెప్పేది గులాబ్ జామ్ సంగతి. ఇది నూనెలో వేయించేది కాదు. పాలు విరగ్గొట్టి, ఆ ముద్దని తిన్నగా పాకంలోనే ఉడికించేది.

---

ఇచ్ఛాపురం_సత్యవతి | ఉదయం 10:14

అయ్యో, అవునమ్మా. తలకట్టులో ఉండలు, పాకం అన్న మాటలు చూసి జామ్ అనుకున్నాను. సరే, ఇది నాకూ రాదు. చదువుతూ ఉంటాను.

---

బరంపురం_మిఠాయి_శ్రీను | ఉదయం 11:30

పద్మజ గారూ, మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. మిగతా సగానికి రెండు సంగతులు కావాలి. ఒకటి, గుడ్డలోంచి తీశాక ఛెనా ఎంత తూగింది? రెండు, రెండోసారి ఉడికిన తర్వాత గిన్నెలో పాకం ఎంత మిగిలింది, చల్లారాక ఎలా ఉంది? ఎంతసేపు వేలాడదీశారన్నది నాకు అంత ముఖ్యం కాదు. గుడ్డ నేత, ముద్ద పరిమాణం, గదిలో వేడి మారితే ఆ నిమిషాలన్నీ మారిపోతాయి. తూకం మారదు.

---

పర్లాకిమిడి_పద్మజ | ఉదయం 11:52

తూకం వేశానండి, బూందీ లడ్డూ కోసం కొన్న చిన్న కాటా ఉంది. మొదటిసారి 520 గ్రాములు. రెండోసారి 310. రెండోసారి పాకం తూచలేదు. సగానికి పైగా ఇగిరినట్టే కనిపించింది. చల్లారాక వేలితో తాకితే తీగ సాగింది.

---

బరంపురం_మిఠాయి_శ్రీను | మధ్యాహ్నం 12:48

అయితే దాదాపు తేలినట్టే.

మంచి ఆవు పాలు లీటరుకి 160 నుంచి 180 గ్రాముల ఛెనా ఇస్తాయి. ఫుల్ క్రీమ్ పాకెట్టు వెన్న ఎక్కువగా ఉన్న పాలు, వాటికి 200 అటూఇటుగా వస్తుంది. అంటే మీ రెండు లీటర్లకి 400 దగ్గర ఆగాలి. 520 వచ్చిందంటే వంద గ్రాములకు పైగా ఉత్త నీళ్ళు అందులోనే ఉండిపోయాయి. 310 అంటే ఉండాల్సిన తడి కూడా పోయింది.

ఈ తడి ఎందుకంత ముఖ్యమో ఒకసారి ఉండ లోపలికి వెళ్ళి చూద్దాం. సరిగా పిసికిన ఛెనా ఒక వల లాంటిది. ఆ వల కళ్ళలో వెన్న, నీళ్ళు ఇరుక్కుని ఉంటాయి. తెర్లే పాకంలో వేయగానే లోపలి నీళ్ళు ఆవిరవుతూ వలని బయటికి నెడతాయి. ఉండ పొంగుతుంది, లోపల గుల్లలు పడతాయి. అదే సమయంలో బయటి పాకం ఆ గుల్లల్లోకి చేరుతుంది. వల బలంగా, సాగేలా ఉంటే ఈ పొంగుని తట్టుకుంటుంది. తడి ఎక్కువై, సరిగా పిసకని ముద్దలో ఒక గింజ ఇంకో గింజకి అంటుకుని ఉండదు. మధ్యలో నీటి పొర ఉంటుంది. ఆవిరి ఆ పొర దగ్గరే చీల్చేస్తుంది. మొదటిసారి జరిగింది ఇదే. రెండోసారి అసలు నెట్టడానికి లోపల నీళ్ళే తక్కువ.

ఆ ఉన్న కాస్త తడినీ పాకం లాగేసుకుంది. ఈ లెక్క చూడండి. కేజీ పంచదార, లీటరు నీళ్ళు కలిస్తే రెండు కేజీల పాకం. అందులో పంచదార సగం, అంటే నూటికి 50 వంతులు. మూత లేని వెడల్పాటి గిన్నెలో అరగంట తెర్లితే అరలీటరు నీళ్ళు ఇగిరిపోవడం మామూలే. అప్పుడు ఒకటిన్నర కేజీల పాకంలో కేజీ పంచదార, అంటే నూటికి 67. మీరు సగానికి పైగా ఇగిరిందంటున్నారు కాబట్టి అంతకన్నా చిక్కగానే అయి ఉంటుంది. తీగ సాగిందంటే సాక్ష్యం దొరికినట్టే. అంత చిక్కటి పాకంలో ఉండలోకి పంచదార చేరేలోపే, ఉండలోని నీళ్ళు బయటికి వచ్చేస్తాయి. వల ముడుచుకుని బిగుసుకుంటుంది. పళ్ళ కింద కీచుమన్నది ఆ బిగుసుకున్న వలే.

మీ మొదటి పాకం సంగతి వేరు. కప్పు పంచదార 200 గ్రాములు, ఐదు కప్పుల నీళ్ళు 1200 మిల్లీలీటర్లు. నూటికి 14 వంతులే పంచదార. చాలా పలచన. కానీ విచ్చిపోవడానికి ముఖ్య కారణం అది కాదు. ఇళ్ళలో చాలామంది కప్పుకి నాలుగు కప్పుల నీళ్ళతోనే చేస్తారు, నిలబడుతుంది. ఛెనా సరిగా ఉంటే పలచటి పాకాన్ని ఓర్చుకుంటుంది. తడి ముద్దని మాత్రం ఆ పలచదనం ఇంకా త్వరగా నానబెట్టి విప్పేస్తుంది.

కుమార్ గారూ, పులుపు గురించి మీ మాటలో నిజం ఉంది. అయితే అది నిమ్మకాయా వెనిగరా అన్నది కాదు, ఎంత ఘాటుగా, ఎంత వేడి మీద పోశామన్నది. బేకింగ్ పౌడర్ మాత్రం వద్దు. సరైన ముద్దకి అది అక్కర్లేదు, సరిగా లేని ముద్దని అది ఇంకా త్వరగా చీలుస్తుంది. పాకం ఎంత పలచగా ఉంటే అంత మెత్తన అన్నదానికీ ఒక హద్దుంది. మరీ పలచనైతే పొంగి, తీశాక చప్పబడి కూలిపోతుంది.

---

రాయగడ_భాస్కరరావు | మధ్యాహ్నం 1:25

శ్రీను గారు పాకం వైపు నుంచి చెప్పారు. నేను పాల సేకరణ వైపు పని చేసినవాణ్ణి కాబట్టి పాల వైపు నుంచి చెబుతాను. నా లెక్కన తప్పు పొయ్యి మీదే మొదలైంది.

పాలు తెర్లుతుండగా నిమ్మరసం పిండారు. మరిగే వేడిలో, నీళ్ళు కలపని పులుపు పడితే పడిన చోటే గట్టి గడ్డలు కడతాయి, మిగతా చోట పాలు విరగకుండా ఉంటాయి. దాంతో ఇంకొంచెం పిండుతాం. ముందు కట్టిన గడ్డలు ఈలోపు మరింత ఉడికి ఇసుకలా తయారవుతాయి. ఆ గింజల్ని తర్వాత ఎంత పిసికినా ఒకదానితో ఒకటి కలవవు.

ఆవు పాలైతే ఒక పొంగు రానిచ్చి పొయ్యి ఆపి, వేడి 80 డిగ్రీలకి దిగేదాకా ఆగాలి. థర్మామీటరు లేకపోతే మధ్యమధ్యలో తిప్పుతూ ఆరేడు నిమిషాలు ఆగండి. లీటరు పాలకి 2 గ్రాముల నిమ్మఉప్పు, 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి పెట్టుకోండి. దాన్ని సన్నటి ధారగా, గరిటెతో నెమ్మదిగా కలుపుతూ రెండు మూడు నిమిషాల్లో పోయాలి. తెల్లటి నీరు ఉన్నట్టుండి పసుపు కలిసిన ఆకుపచ్చ రంగుకి తేరుకుంటుంది. ఆ క్షణంలో ఆపేయాలి, గిన్నెలో ఇంకా పులుపు నీళ్ళు మిగిలినా సరే. వెంటనే గుడ్డలో పోసి పైన చల్లటి నీళ్ళు రెండుసార్లు పోయండి. పులుపు పోతుంది, ఉడకడమూ ఆగిపోతుంది.

నిమ్మరసమే కావాలంటే దాన్ని కూడా ఇలాగే నీళ్ళు కలిపి వాడండి. కాకపోతే ఒక్కో కాయ పులుపు ఒక్కోలా ఉంటుంది, కొలత కుదరదు. నాకైతే క్రితంసారి విరగ్గొట్టగా వచ్చిన నీళ్ళు ఒకరోజు పులియబెట్టి వాడితే ఇంకా మెత్తగా వస్తుందనిపిస్తుంది.

ఇక పాకెట్టు సంగతి. చాలా ఫుల్ క్రీమ్ పాకెట్లలో గేదె పాలు కలుస్తాయి. గేదె పాలలో మాంసకృత్తులు, సున్నం రెండూ ఎక్కువ. విరుగుడు సహజంగానే గట్టిగా వస్తుంది. అవే పాలు వాడాలంటే నాలుగు వంతుల పాలకి ఒక వంతు నీళ్ళు కలిపి, 70 డిగ్రీల దగ్గర విరగ్గొట్టండి. కొంత మెత్తబడుతుంది. ఆవు పాలలా మాత్రం రాదు.

---

కాశీబుగ్గ_కుమార్ | మధ్యాహ్నం 2:02

భాస్కరరావు గారూ, మా దగ్గర రెండు దుకాణాల్లో గేదె పాలతోనే రసగుల్ల చేస్తున్నారు, మెత్తగానే ఉంటుంది. ఆవు పాలే కావాలంటే మా వైపు దొరకడమే కష్టం.

---

రాయగడ_భాస్కరరావు | మధ్యాహ్నం 2:20

చేయొచ్చు, కాదనను. వెన్న తీసేసి, నీళ్ళు కలిపి, తక్కువ వేడిలో విరగ్గొట్టి వాళ్ళు ఆ తేడా సరిచేసుకుంటారు. కొందరు ఆవు పాలు సగం కలుపుతారు. ఇంట్లో వెన్న తీయని చిక్కటి గేదె పాలతో అదే మెత్తదనం రమ్మంటే రాదు. ఇంకో మాట, మీ పాలు విరగడానికి మామూలు కన్నా రెట్టింపు పులుపు పడుతోందంటే పాలు నిలవ ఉండడానికి సోడా కలిపారేమో చూడాలి. అలాంటి పాల ఛెనా అతకదు. అట్టపెట్టెల్లో నెలల తరబడి నిలవ ఉండే పాలు కూడా దీనికి పనికిరావు, విరుగుడు బలహీనంగా వస్తుంది.

---

కోరాపుట్_లక్ష్మి | సాయంత్రం 4:15

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాది విచ్చడమూ కాదు, గట్టిపడడమూ కాదు. పాకంలో ఉన్నంతసేపూ బంతిలా బాగా పొంగుతుంది. తీసిన రెండు నిమిషాలకి చప్పబడి అప్పచ్చిలా అవుతుంది. కోసి చూస్తే మధ్యలో చిన్న పచ్చి ముద్ద. 15 నిమిషాలు లెక్కపెట్టే ఉడికిస్తున్నాను. మా ఊరు కొండ మీద కదా, అదేమైనా కారణమా?

---

బరంపురం_మిఠాయి_శ్రీను | సాయంత్రం 5:30

లక్ష్మి గారూ, కారణం కావచ్చు. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పంచదార కలిసినందుకు పాకం ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది గానీ మా బరంపురం వేడి మాత్రం రాదు. మధ్యలో ముద్ద పచ్చిగా ఉందంటే వల ఇంకా గట్టిపడలేదు. ఆవిరి ఉన్నంతసేపూ అది ఉబ్బి నిలబడింది, ఆవిరి చల్లారగానే పడిపోయింది. ముందు ఇంకో ఐదు నిమిషాలు పెంచి చూడండి. ఉడికిందో లేదో తెలియాలంటే ఒక ఉండని గ్లాసు చల్లటి నీళ్ళలో వేయండి. మునిగితే పాకం లోపలిదాకా పట్టింది. తేలితే ఇంకా టైముంది.

---

రాయగడ_భాస్కరరావు | సాయంత్రం 5:48

ఐదు నిమిషాలు పెంచే బదులు కుక్కర్లో వేసేయడం మేలని నేనంటాను. ఎత్తు బాధే ఉండదు.

---

బరంపురం_మిఠాయి_శ్రీను | సాయంత్రం 6:10

అక్కడ నాకు మీతో కుదరదండి. కుక్కర్లో వేడి పెరుగుతుంది, నిజమే. కానీ మూత లోపల ఏం జరుగుతోందో కనబడదు, మధ్యలో నీళ్ళు కలపలేం. ఆవిరి ఒక్కసారి వదిలితే లోపలి గుల్లలు చిట్లిపోతాయి. ఇద్దరం చెరోవైపు ఉన్నాం, లక్ష్మి గారు రెండూ చేసి చూడొచ్చు.

---

పర్లాకిమిడి_పద్మజ | సాయంత్రం 6:35

శ్రీను గారూ, పిసకడం గురించి మీరేం చెప్పలేదు. నేను మూడు నిమిషాలే పిసికాను. ఎంతసేపు చేయాలి?

---

బరంపురం_మిఠాయి_శ్రీను | రాత్రి 7:50

8 నుంచి 10 నిమిషాలు. అయితే గడియారం కన్నా అరచెయ్యి బాగా చెబుతుంది.

ఛెనాని వెడల్పాటి పళ్ళెంలో వేసి, మణికట్టుకి ఆనుకుని ఉండే అరచేతి దిమ్మతో ముందుకు తోస్తూ రుద్దండి. వేళ్ళతో పిసికితే గింజలు నలగవు, వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. మొదటి రెండు నిమిషాలు రవ్వలా పొడిపొడిగా ఉంటుంది, పళ్ళేనికి అంటుకుంటుంది. నాలుగైదు నిమిషాలకి ముద్ద అవుతుంది గానీ పైన గరుకుగా కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. ఏడెనిమిది దగ్గర ముద్ద పళ్ళేన్ని తనంతట తానే వదిలి, పైభాగం నున్నగా అవుతుంది. చెయ్యి ఎత్తి చూస్తే అరచేతి మీద సన్నటి మెరుపు కనబడుతుంది, తడి కాదు, వెన్న. ఆ మెరుపు కనబడగానే ఆపాలి. చెయ్యి జిడ్డుగా కారేదాకా రుద్దితే వెన్న బయటపడి వల విడిపోతుంది. ఆ ఉండలు పాకంలో నూనె వదిలి చదునుగా, గట్టిగా వస్తాయి.

పిండి విషయానికొస్తే 200 గ్రాముల ఛెనాకి చిన్న చెంచా మైదా లేదా బొంబాయి రవ్వ చాలు. పిండి తడిని పట్టి ఉంచుతుంది, అంతే. తడి ఎక్కువైన ముద్దని మైదా పోసి కాపాడలేం. మీ 310 గ్రాముల ఎండిన ముద్దలో రెండు చెంచాలు పడింది, ఉన్న తడిని అది కూడా పట్టేసుకుంది.

ఉండ పది గ్రాములు, నిమ్మకాయలో సగం ఉంటుంది. చేతుల మధ్య ముందు కాస్త నొక్కి, తర్వాత ఒత్తిడి తగ్గిస్తూ తిప్పండి. వెలుతురుకి పట్టి చూస్తే వెంట్రుకంత గీత కూడా కనబడకూడదు. ఆ గీత దగ్గరే పాకంలో నోరు తెరుచుకుంటుంది. గీతలు పోవట్లేదంటే ముద్ద ఎండింది, తడి చెయ్యి చేసుకుని ఇంకో నిమిషం రుద్దండి.

పాకానికి కేజీ పంచదార, లీటరున్నర నీళ్ళు, అంటే నూటికి 40. ఉండలు వేసేముందు గిన్నెతో సహా తూచి అంకె రాసుకోండి. మంట పెద్దదిగా ఉండాలి. నురగ లేచి ఉండల్ని కప్పేయాలి, ఆ నురగలో అవి దొర్లుతూ ఉడకాలి. ప్రతి నాలుగు నిమిషాలకీ ఒక గరిటెడు వేడినీళ్ళు గిన్నె అంచు వెంట పోయండి. చన్నీళ్ళు వద్దు, తెర్లడం ఆగిపోతే ఉండలు కుంగిపోతాయి. ఆఖర్లో మళ్ళీ తూస్తే మొదటి అంకెకి దగ్గరగా ఉండాలి. నురగ కోసం కొన్నిచోట్ల కుంకుడుకాయ నీళ్ళు వేస్తారని వినే ఉంటారు, ఇంట్లో ఆ జోలికి పోకండి.

అన్నిటికన్నా ముందు ఒకే ఒక్క ఉండ వేసి ఐదు నిమిషాలు చూడండి. అది విచ్చితే మిగతా ముద్ద మీ చేతిలోనే ఉంది, సరిచేసుకోవచ్చు.

---

పర్లాకిమిడి_పద్మజ | మంగళవారం, ఉదయం 10:20

నిన్న చేశాను. పక్కింటి ఆవు పాలు రెండు లీటర్లు, 4 గ్రాముల నిమ్మఉప్పు 400 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపితే అందులో పావు వంతు మిగిలిపోయింది, నీళ్ళు తేరుకోగానే ఆపేశాను. ఛెనా 345 గ్రాములు.

ఆరు నిమిషాలు రుద్ది పరీక్ష ఉండ వేశాను. ఒక పక్క నోరు తెరిచింది. ఇంకో రెండు నిమిషాలు రుద్దాను, అప్పుడు మీరన్న మెరుపు కనబడింది. రెండో పరీక్ష ఉండ నిలబడింది. మిగిలినవి 32 ఉండలు, అన్నీ ఒకేసారి వేశాను. పొంగి దాదాపు రెట్టింపయ్యాయి. ఒక్కటీ విచ్చలేదు, కీచుమనడం లేదు.

రెండు ఇబ్బందులు మిగిలాయి. పదీ పన్నెండు ఉండలు ఒకవైపు చదునుగా ఉన్నాయి. ఉడికినవి తీసి, నిలవకని ముందే చేసి చల్లార్చిన చిక్కటి పాకంలో వేస్తే గంటలో పైన ముడతలు పడ్డాయి.

---

బరంపురం_మిఠాయి_శ్రీను | ఉదయం 11:05

345 అంటే తూకం చక్కగా కుదిరింది.

చదును కావడం చోటు చాలక. పొంగినప్పుడు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయి. గిన్నెలో ఉండలు వేశాక సగం పైభాగం ఖాళీగా కనబడాలి. మీ గిన్నెకి పదహారు చొప్పున రెండు వాయిలు చేయండి. రెండో వాయికి ముందు పాకం మళ్ళీ తూచి, తగ్గినంత వేడినీళ్ళు కలపడం మరవకండి. మొదటి వాయి బాగా వచ్చి రెండోది గట్టిపడడానికి కారణం ఎక్కువగా అదే.

ముడతలు మీ రెండోసారి తప్పుకి తమ్ముడి లాంటివి. వేడి ఉండ చల్లటి చిక్కటి పాకంలో పడితే తడి ఒక్కసారిగా బయటికి లాగబడుతుంది. ఉడికిన పాకంలోంచి మూడు గరిటెలు వేరే గిన్నెలోకి తీసి, అన్నే వేడినీళ్ళు కలిపి, వేలు పెట్టగలిగేంత వేడిగా ఉన్నప్పుడు ఉండల్ని అందులోకి మార్చండి. అరగంట తర్వాత చిక్కటి పాకంలోకి మార్చొచ్చు, అదీ గోరువెచ్చగా ఉండాలి. ముడతలు పడ్డవాటిని ఇప్పుడే పలచటి వేడి పాకంలో గంట నానబెట్టండి, చాలామటుకు సర్దుకుంటాయి.

---

ఇచ్ఛాపురం_సత్యవతి | ఉదయం 11:40

బాబూ, పహాళ దగ్గర రోడ్డు పక్కన అమ్మేది కాస్త గోధుమ రంగులో, ఇంతకన్నా మెత్తగా ఉంటుంది కదా. అది కూడా ఇదే పద్ధతా?

---

బరంపురం_మిఠాయి_శ్రీను | మధ్యాహ్నం 12:15

మూలం ఒకటేనమ్మా. కటక్, భువనేశ్వర్ మధ్య చేసే ఆ రకంలో ఛెనాలో రవ్వ కలుపుతారు, పాకంలో ఇంకా ఎక్కువసేపు ఉంచుతారు. పంచదార మాగి ఆ రంగు వస్తుంది. ఒడిశా రసగోలాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, బెంగాల్ రకానికి 2017లోనే వచ్చింది. రెండూ వేర్వేరుగా నమోదయ్యాయి. మైదా కన్నా రవ్వ మెత్తదనం ఇస్తుందని నా నమ్మకం.

---

రాయగడ_భాస్కరరావు | మధ్యాహ్నం 12:32

నేను ఒప్పుకోను. రవ్వ నానే టైము ఇవ్వకపోతే ఉండలో పలుకులు తగులుతాయి, ఆ పలుకు దగ్గరే చీలిక మొదలవుతుంది. మెత్తదనం ఎక్కువసేపు ఉడికినందువల్లే వస్తుంది.

---

బరంపురం_మిఠాయి_శ్రీను | మధ్యాహ్నం 12:50

సన్న రవ్వ వేసి, రుద్దాక పది నిమిషాలు తడిగుడ్డ కప్పి ఉంచితే పలుకు తగలదు. అయినా ఒకే ముద్దని రెండుగా విడదీసి, ఒకదాంట్లో రవ్వ, ఒకదాంట్లో మైదా కలిపి ఒకే పాకంలో ఉడికిస్తే తప్ప మీరూ నేనూ తేల్చుకోలేం.

---

కోరాపుట్_లక్ష్మి | రాత్రి 8:40

పాకం తూస్తూ, వేడినీళ్ళు పోస్తూ ఈరోజు 20 నిమిషాలు ఉడికించాను. మధ్యలో పచ్చి ముద్ద పోయింది. గ్లాసులో వేస్తే ఒకటి మునిగింది, ఒకటి సగంలో ఆగింది. చప్పబడడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నీళ్ళు పోయడానికి మూత తీసిన ప్రతిసారీ ఉండలు కొద్దిగా కుంగడం కళ్ళారా చూశాను. ఈసారి మూతని పూర్తిగా ఎత్తకుండా వేలంత సందు చేసి అందులోంచి పోస్తాను, 23 నిమిషాలు ఉంచుతాను. నాలుగు ఉండలు విడిగా కుక్కర్లో కూడా వేస్తాను. ఆదివారం రెండింటినీ కోసి, ఏది ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.